బెంగకు ఒక దిక్కుంటుంది

సల్వాలో రాత్రి 11 గంటలకు వంటింటి పని ముగిసేసరికి రాజంపేటలో ఒంటిగంటన్నర అవుతుంది. కువైట్ గడియారం మన గడియారం కన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. ఆ ఇంట్లో పనిచేసే మనిషికి ఫోను చేతికొచ్చే వేళకు ఊళ్ళో పిల్లలు నిద్రపోయి ఉంటారు. వాళ్ళు బడికి తయారయ్యే ఏడున్నరకు సల్వాలో తెల్లవారి 5 గంటలు. సేటు పిల్లల్ని లేపి, తినిపించి, బస్సెక్కించే డ్యూటీ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. అందుకని మాటలు వారానికోసారి, దొరికిన పది నిమిషాలకే సర్దుకుంటాయి. అటునుంచి "బాగుండావా?" అంటారు, ఇటునుంచి "బాగుండా" అంటారు. ఆ "బాగుండా" వెనక నాలుగైదు వారాలుగా నిద్ర పట్టని రాత్రులు ఉండొచ్చు, నోటికి రుచి తెలియని తిండి ఉండొచ్చు, పిల్లల ఫొటో చూసినా ఏమీ అనిపించని మనసు ఉండొచ్చు. తెలిసినవాళ్ళకు చెబితే వచ్చే జవాబు ఒకటే: కొత్త కదా, బెంగ పెట్టుకుంది, పోతుందిలే.

చాలామంది విషయంలో ఆ జవాబు నిజమే. కానీ కొందరి విషయంలో నిజం కాదు. ఈ రెండు రకాలవాళ్ళనూ విడదీయడమెలా అన్నదే ఇక్కడి ప్రశ్న. సల్వా కువైట్‌లోని హవల్లీ గవర్నరేట్‌లో, సముద్రం ఒడ్డున, సాల్మియాకు దక్షిణంగా ఉండే నివాసప్రాంతం. విల్లాలూ అపార్ట్‌మెంట్లూ కలిసిన చోటు. విల్లా అంటే వంటకూ, పిల్లలకూ, కారుకూ మనుషులు కావాలి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ ఉభయగోదావరుల నుంచీ ఖద్దామా వీసా మీద, డ్రైవర్ వీసా మీద కువైట్ వెళ్ళేవాళ్ళలో చాలామంది చేరేది ఇలాంటి ఇళ్ళకే. వాళ్ళలో ఎవరు దిగులుగా ఉన్నా, దానికో కారణం చేతికి అందేంత దగ్గరగా ఉంటుంది: అప్పు, దూరం, పసిపిల్లలు, పెద్దింట్లో ఒంటరితనం. కారణం అంత స్పష్టంగా కనిపించడమే చిక్కు తెచ్చిపెడుతోంది. బాధకు కారణం తెలిస్తే చాలు, అది జబ్బు కాదని మనం తేల్చేస్తాం. ఈ వ్యాసం వాదించేదల్లా ఒక్కటే. కారణం ఉండటం వేరు, జబ్బు కాకపోవడం వేరు. డిప్రెషన్‌ను గుర్తుపట్టడానికి "ఎందుకు వచ్చింది?" అనే ప్రశ్న కన్నా, "వచ్చి మనిషిలో ఏం ఆపేసింది?" అనే ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

తెలుగులో బెంగ అన్న మాటనే గమనించండి. బెంగ ఊరికే ఉండదు. అమ్మ మీద బెంగ, ఇంటి మీద బెంగ, బిడ్డ మీద బెంగ. దానికి ఎప్పుడూ ఒక దిక్కు ఉంటుంది. ఆ దిక్కు నుంచి ఏదైనా అందితే బెంగ కాసేపైనా తగ్గుతుంది. బిడ్డ గొంతు వింటే ఏడుపొస్తుంది, ఆ ఏడుపు తర్వాత తేలిక పడుతుంది. ఊరివాళ్ళెవరో పచ్చడి పంపితే ఆ పూట అన్నం సహిస్తుంది. పక్కింట్లో పనిచేసే తెలుగామె గోడవారగా నిలబడి రెండు మాటలు మాట్లాడితే నవ్వొస్తుంది. మామూలు విచారం అలల్లా వస్తుంది, పోతుంది. మధ్యలో మనిషి మనిషిలాగే ఉంటుంది. డిప్రెషన్‌లో చాలాసార్లు జరిగేది ఇందుకు విరుద్ధం. విచారం దిక్కు కోల్పోతుంది. ఎవరి కోసమైతే బెంగపడిందో ఆ బిడ్డ గొంతు విన్నా చలనం ఉండదు. పైగా "నేనేం తల్లిని" అన్న నింద మొదలవుతుంది. వారం తిరిగినా, జీతం అందినా, మేడం మంచిగా మాట్లాడినా మార్పు రాదు. మంచి కబురుకు కాసేపు తేరుకునే డిప్రెషన్ కూడా లేకపోలేదు గనుక దీన్నొక్కదాన్నే పరీక్షగా పెట్టుకోలేం. కానీ మొదటి అనుమానం పుట్టాల్సింది మాత్రం ఇక్కడే.

వైద్యులు వాడే కొలత కూడా దీని చుట్టూనే అల్లుకుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ప్రమాణం తొమ్మిది లక్షణాలను చెబుతుంది: దిగులు, ఆసక్తి పోవడం, నిద్ర చెడటం, అలసట, ఆకలీ బరువూ మారడం, తను పనికిరానిదాన్నన్న భావం, ఏకాగ్రత లేకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, చావు ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం ఉండాలి. ఆ ఐదింటిలో దిగులు గానీ ఆసక్తి పోవడం గానీ తప్పకుండా ఉండాలి. వాటివల్ల రోజువారీ జీవితం దెబ్బతిని ఉండాలి. ఇందులో జీవితంలో ఎదురైన కారణం గురించిన షరతు లేదని గమనించాలి. ఏడవడానికి కారణం ఉందా లేదా అని ఈ ప్రమాణం అడగదు. ఎన్ని రోజులు, ఎంతసేపు, ఎంత మేర అని అడుగుతుంది. ఆసక్తి పోవడాన్ని దిగులుకు సమానంగా నిలబెట్టడం కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఏడుస్తూనే ఉండాలని లేదు. ఏడుపు కూడా రావడం లేదని చెప్పేవాళ్ళు ఎందరో.

కారణం ఉన్న బాధ జబ్బు కాదన్న నమ్మకాన్ని గట్టిగా కదిలించిన పరిశోధన లండన్‌లో జరిగింది. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు కాంబర్‌వెల్ అనే శ్రామికవాడలో స్త్రీలను ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నించి, 1978లో పుస్తకంగా ప్రచురించారు. డిప్రెషన్‌లో పడిన వాళ్ళలో అత్యధికుల జీవితంలో అంతకుముందు నెలల్లో ఒక పెద్ద దెబ్బో, ఎడతెగని కష్టమో ఉంది. అంటే ఈ జబ్బు శూన్యంలోంచి ఊడిపడదు, కారణంలోంచే వస్తుంది. అయితే అలాంటి దెబ్బే తిన్న వాళ్ళందరూ జబ్బు పడలేదు. తేడా ఎక్కడుందని వెతికితే బయటపడిన వాటిలో ముఖ్యమైనది, మనసు విప్పి చెప్పుకోగల ఒక్క దగ్గరి మనిషి ఉండటమూ లేకపోవడమూ. ఆ తర్వాతి ఏళ్ళలో బ్రౌన్ బృందం ఇంకో మెట్టు పైకెళ్ళి, పోగొట్టుకోవడం ఒక్కటే కాదు, అవమానమూ, బయటపడే దారి లేదన్న భావమూ కలిసిన సంఘటనలే మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయని చూపింది. ఈ మూడు మాటలనూ సల్వా విల్లా పై అంతస్తులోని చిన్న గదిలో పెట్టి చూడండి. బిడ్డను వదిలి రావడం పోగొట్టుకోవడం. మాట పడటం అవమానం. ఏజెంటు అప్పు తీరేదాకా, అకామా సేటు పేరు మీద ఉన్నంతకాలం, కదలలేకపోవడం దారి లేకపోవడం. చెప్పుకునే మనిషి రెండున్నర గంటల అవతల నిద్రలో ఉంది.

కువైట్‌లోనే చేసిన అధ్యయనాలూ ఉన్నాయి. 1990లో ఎల్-హిలూ బృందం, 2000ల మొదట్లో జాహిద్ బృందం అక్కడి మానసిక వైద్యశాలకు వచ్చిన ఇంటిపనివాళ్ళ గురించి పరిశోధన పత్రాలు వెలువరించాయి. కువైటీ స్త్రీలతో పోలిస్తే వాళ్ళలో మానసిక రుగ్మతల రేటు ఎక్కువగా కనిపించింది. అయితే ఈ లెక్కలను జాగ్రత్తగా చదవాలి. ఆసుపత్రి దాకా వచ్చినవాళ్ళంటే ఎవరు? అరిచినవాళ్ళు, పని చేయలేక పడిపోయినవాళ్ళు, యజమానికి భయం పుట్టించినవాళ్ళు. వాళ్ళలో చాలామందిది డిప్రెషన్ కాకుండా, కొత్త చోట ఒక్కసారిగా కుప్పకూలిన తీవ్ర ఒత్తిడి కావచ్చు. మరోవైపు, లోలోపల ఆరిపోతూ కూడా 5 గంటలకు లేచి పని కానిస్తున్న మనిషి ఆ లెక్కలోకి రానే రాదు. కాబట్టి ఈ పత్రాలు ఎంతమందికి ఉందో చెప్పవు. ఈ పనిలో, ఈ ఏర్పాటులో, జబ్బు పడే ప్రమాదం పెరుగుతుందని మాత్రం చెబుతాయి. పనిచేస్తోంది కనుక బాగానే ఉందనుకోవడం ఎంత పొరపాటో కూడా వాటి మౌనం నుంచే తెలుస్తుంది.

ఇప్పుడు నిద్ర దగ్గరికి వద్దాం. ఈ విషయంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, రెండు వైపులా. మన నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. రెండోది, పగలూ రాత్రీ చెప్పే లోపలి గడియారం. 17 గంటలు నిలబడి పనిచేసిన మనిషిలో మొదటిది పొంగిపొర్లుతూ ఉంటుంది. పడుకోనిస్తే ఐదు నిమిషాల్లో నిద్రపోతుంది, కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. ఆమెకు కరువైంది నిద్ర పట్టడం కాదు, నిద్రకు వ్యవధి. సెలవు రోజున పది గంటలు పడుకుంటే ముఖం తేటపడుతుంది. డిప్రెషన్‌లో వ్యవధి ఉన్నా నిద్ర రాదు. ఒళ్ళు అలసిపోయి ఉంటుంది, మెదడు మాత్రం కాపలా కాస్తూ ఉంటుంది. నిద్రపట్టినా తెల్లవారుజామున రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి, ఇక పట్టదు. రోజు మొత్తంలో మనసు అత్యంత బరువుగా ఉండే వేళ కూడా చాలామందికి అదే. మామూలుగా కలల నిద్ర మొదలవడానికి నిద్రపోయాక గంటన్నర పడుతుంది. డిప్రెషన్ ఉన్న చాలామందిలో అది ముందే వచ్చేస్తుందని 1970ల నుంచీ నిద్ర ప్రయోగశాలలు గమనిస్తూ వచ్చాయి. కొందరైతే దీనికి పూర్తి విరుద్ధంగా అదే పనిగా నిద్రపోతారు. ఎడతెగని నిద్రలేమి డిప్రెషన్‌కు లక్షణం మాత్రమే కాదు, కారణం కూడా కావచ్చు. అంతవరకూ డిప్రెషన్ లేనివాళ్ళలో, నిద్రలేమి ఉన్నవాళ్ళకు తర్వాత అది వచ్చే ప్రమాదం సుమారు రెట్టింపని, అనేక అధ్యయనాలను కలిపి 2011లో వచ్చిన విశ్లేషణ లెక్కగట్టింది.

రంజాన్ నెలలో ఈ తేడా ఇంకా మసకబారుతుంది. ఆ నెలంతా ఇల్లు రాత్రిపూట మేలుకుంటుంది. ఇఫ్తార్ వంట, రాత్రి వచ్చే చుట్టాలు, తెల్లవారకముందు సహర్ తిండి. నెల రోజులు నిద్ర తలకిందులవుతుంది. రెండు వారాల గడువు అలవోకగా దాటిపోతుంది. ఆ నెలలో ఎవరిని అడిగినా నిద్ర లేదు, నీరసం, ఆకలి సరిగా లేదు అనే చెబుతారు. వీటిని యాంత్రికంగా లెక్కవేస్తే విల్లాల్లోని పనివాళ్ళంతా రోగులే అవుతారు. అసలు లెక్కే వేయకపోతే నిజమైన రోగి వాళ్ళ మధ్యలో కలిసిపోతుంది.

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేలికవుతుంది. డిప్రెషన్‌ను వడకట్టడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం 2001 నుంచి ఉంది. దీన్ని తెలుగులోనూ వాడుతున్నారు. పైన చెప్పిన తొమ్మిది లక్షణాలే అందులో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి పైగా రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27. పదీ అంతకు మించీ వస్తే వైద్యుడు వివరంగా చూడాలి. ఇప్పుడు సల్వాలో పక్కపక్క ఇళ్ళలో పనిచేసే ఇద్దరిని ఊహించుకుందాం. మొదటామెకు ఆసక్తి ప్రశ్నలో 0. శుక్రవారం ఫోను కోసం ఎదురుచూస్తుంది, పాటలు వింటుంది. దిగులు 1. నిద్ర 3, అలసట 3, ఆకలి 2, ఏకాగ్రత 1, మిగిలినవి 0. మొత్తం 10. రెండో ఆమెకు ఆసక్తి 2, దిగులు 3, నిద్ర 3, అలసట 3, ఆకలి 2, పనికిరానిదాన్నన్న భావం 2, ఏకాగ్రత 2, మిగిలినవి 0. మొత్తం 17.

అంకెలు మాత్రమే చూస్తే ఇద్దరూ గీత దాటారు. ప్రశ్నల లోపలికి వెళ్తే చిత్రం మారుతుంది. మొదటామెకు వచ్చిన పదిలో ఆరు నిద్ర, అలసటలవే. సగానికి పైగా రోజులున్న లక్షణాలు మూడే. అందులో దిగులూ లేదు, ఆసక్తి పోవడమూ లేదు. ప్రమాణం ప్రకారం ఇది డిప్రెషన్ కాదు. ఆమెకు కావాల్సింది మాత్ర కాదు, పని గంటలు తగ్గడం. కువైట్ 2015లో తెచ్చిన ఇంటిపనివాళ్ళ చట్టం, 68వ నంబరుది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ చెబుతోంది. ఆమె జబ్బు పేరు ఆ చట్టం అమలు కాకపోవడం. రెండో ఆమె విషయంలో, నిద్రా అలసటా పనివల్లనే అని పూర్తిగా ఒప్పుకుని ఆ ఆరూ తీసేయండి. ఇంకా 11 మిగులుతుంది. సగానికి పైగా రోజులున్న లక్షణాలు ఇంకా ఐదున్నాయి, అందులో రెండు మూలలక్షణాలూ ఉన్నాయి. పని గంటలు తగ్గించడం ఈమెకూ అవసరమే, కానీ అదొక్కటే సరిపోకపోవచ్చు. అలాంటి ఇంట్లోనే, అదే రంజాన్‌లో, అలాంటి అప్పుతోనే ఉన్నా ఈమె స్థితి వేరు.

ఈ ప్రశ్నపత్రం తీర్పు చెప్పదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. తొలి అధ్యయనంలో పది అనే గీత, జబ్బు ఉన్న నూరుమందిలో 88 మందిని పట్టుకుంది. లేని నూరుమందిలో 88 మందిని సరిగ్గా వదిలేసింది. వినడానికి బాగుంటుంది. కానీ నూరుమందిని తీసుకుని, అందులో పదిమందికే జబ్బు ఉందనుకోండి. గీత దాటేవాళ్ళలో నిజమైన రోగులు తొమ్మిదిమంది ఉంటే, జబ్బు లేనివాళ్ళు పదకొండుమంది ఉంటారు. అందుకే అంకె వచ్చాక వైద్యుడితో సంభాషణ తప్పదు. ఆ సంభాషణలో తేల్చాల్సినవి కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ మందగిస్తే ఇవే లక్షణాలు రావచ్చు, రక్తహీనతలోనూ నీరసం ఉంటుంది. రెండూ రక్తపరీక్షతో తెలుస్తాయి. గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా, పట్టరాని హుషారుతో, మితిమీరి మాట్లాడుతూ గడిపిన రోజులున్నాయా అన్నది మరో ప్రశ్న. ఉంటే అది బైపోలార్ రుగ్మత కావచ్చు. అప్పుడు మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కీడు జరగవచ్చు. తొమ్మిదో ప్రశ్నకు, అంటే చావు ఆలోచనలకు, సున్నా కాని జవాబు ఏది వచ్చినా మొత్తంతో సంబంధం లేకుండా ఆ రోజే చూడాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. అడగడం వల్ల ప్రమాదం పెరిగిన దాఖలాలు పరిశోధనల్లో కనపడలేదు. అడగకపోతే మాత్రం చెప్పుకునే దారి మూసుకుపోతుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇదంతా పరిస్థితుల తప్పు. జీతం ఆపిన సేటునూ మోసం చేసిన ఏజెంటునూ వదిలేసి, బాధపడే మనిషికి రోగమని పేరు పెట్టడం అన్యాయం కాదా? ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. అలన్ హార్విట్జ్, జెరోమ్ వేక్‌ఫీల్డ్ 2007లో ఒక పుస్తకమే రాశారు, మానసిక వైద్యం సందర్భాన్ని వదిలేసి లక్షణాలను మాత్రమే లెక్కపెట్టడం వల్ల మామూలు విచారాన్ని కూడా జబ్బు ఖాతాలో వేస్తోందని. అమెరికన్ ప్రమాణంలో ఆప్తులు పోయిన తొలి రెండు నెలలకు ఒక మినహాయింపు ఉండేది. 2013లో దాన్ని తీసేసినప్పుడు పెద్ద వివాదమే నడిచింది. రెండు వారాలన్నది ప్రకృతి గీసిన గీత కాదు, వైద్యులు ఒప్పుకున్న హద్దు. తల్లి చనిపోయిన కబురు ఫోనులో విని, చివరి చూపుకు వెళ్ళలేకపోయిన మనిషి మూడు వారాలు అన్నం మానేస్తే, వెంటనే రోగి అనకూడదు, కనిపెట్టుకుని ఉండాలి. తక్కువ తీవ్రత ఉన్నప్పుడు వైద్యులు కూడా చాలాసార్లు మందివ్వకుండా రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మంటారు. ఇంతవరకూ అభ్యంతరం సబబే.

కానీ అక్కడినుంచి, కారణం ఉంది గనుక వైద్యం వద్దు అనే దగ్గరికి వెళ్తే వాదన తెగిపోతుంది. గాలి ఆడని గదిలో ఎనిమిదిమంది పడుకుంటే క్షయ అంటుకుంటుంది. తప్పు గదిదే. అలాగని గది మార్చేదాకా మందు ఆపం. మందు ఇచ్చాం గదా అని గదినీ వదిలేయకూడదు. డిప్రెషన్‌కైతే వైద్యం ఇంకో అర్థంలోనూ అవసరం. అది మనిషిలోని నిర్ణయశక్తినే తినేస్తుంది. తనదే తప్పని నమ్మే మనిషి ఎంబసీలో ఫిర్యాదు చేయదు. ఏ దారీ లేదనిపించే మనిషి ఉన్న దారిని కూడా చూడదు. పరిస్థితితో పోట్లాడాలన్నా ముందు కొంత కోలుకోవాలి. పైగా కారణం తొలగినా జబ్బు అదే తొలగుతుందని హామీ లేదు. అప్పు తీరి ఊరికి చేరాక కూడా నెలల తరబడి తలుపు వేసుకుని కూర్చునే మనిషిని చూసి, ఇంటికొచ్చావు కదా ఇంకేమిటి అని ఇంటివాళ్ళు విసుక్కోవడం ఈ అపార్థం నుంచే పుడుతుంది.

మరో అభ్యంతరం, డిప్రెషన్ పాశ్చాత్యుల మాట, మనవాళ్ళకు బాధ ఒంట్లోనే తెలుస్తుంది అని. తల దిమ్ము, గుండెదడ, ఒళ్ళంతా నొప్పులు, కడుపులో మంట అనే మన మనుషులు క్లినిక్‌లో చెబుతారు; నిజమే. అరబ్బీ రాని మనిషి, తెలుగు రాని డాక్టర్ ముందు, మేడం పక్కన నిలబడి ఉండగా, వేలితో చూపించగలిగేది తలనొప్పినే. కానీ ఒంటి మాట వెనక మనసు లేదనడానికి అది రుజువు కాదు. ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హునాన్‌లో నరాల బలహీనత పేరుతో వైద్యం పొందుతున్న నూరుమందిని పరీక్షించి 1982లో ప్రకటించాడు. వాళ్ళలో 87 మందికి, అడిగి చూస్తే, డిప్రెషన్ ప్రమాణాలు సరిపోయాయి. వాళ్ళు దాచలేదు, ఎవరూ అడగలేదు. నొప్పికి గోలీలు నెలల తరబడి మారుస్తూ, పరీక్షలన్నీ మామూలుగా వస్తూ ఉంటే ఆసక్తి గురించీ నిద్ర గురించీ రెండు ప్రశ్నలు అడగడం వృథా కాదు. పశ్చిమగోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇవే ప్రశ్నలను తెలుగులో ఇంటింటికీ వెళ్ళి అడిగిన స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పరిశోధన, మన మనుషులు వీటికి జవాబు చెప్పగలరని చూపింది. అక్కడినుంచే కదా ఎందరో కువైట్ వెళ్తున్నది.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది: తెలిసినా ఏం చేస్తారు? జబ్బు అంటే సేటు తిప్పి పంపేస్తాడు, అప్పు మీద పడుతుంది. ఈ భయం ఊహ కాదు. అయినా వైద్యం మొదలవ్వాలంటే పెద్దాసుపత్రిలో పడుకోవాలని లేదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం, వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. చేయించిన పని పైకి చాలా సాదాగా ఉంటుంది. ఏ రోజు ఏం చేశారు, అప్పుడు మనసు ఎలా ఉంది అని రాసుకోవడం. మానేసిన పనుల్లో ఒక చిన్నదాన్ని, మనసు లేకపోయినా, ఫలానా వేళకు చేయడం. ఉత్సాహం వచ్చాక పని చేయడం కాదు. పని చేస్తే ఉత్సాహం వెనక నడిచి వస్తుందన్నది ఇందులోని కిటుకు. 2017లో ప్రకటించిన ఫలితాల్లో, మూడు నెలలకు కోలుకున్నవాళ్ళు ఈ పద్ధతి జోడించినచోట 64 శాతం, జోడించనిచోట 39 శాతం. సల్వాలో దీని రూపం చిన్నదిగానే ఉంటుంది: చెత్త వేయడానికి వెళ్ళినప్పుడు వీధి చివరిదాకా నడక, సరుకులకు జమియాకు వెళ్ళినప్పుడు సాటి తెలుగామెతో పది నిమిషాలు, మానేసిన ఫోను మళ్ళీ మొదలుపెట్టడం. బయటికే పంపని ఇంట్లో ఇది సాగదు. అలాంటిచోట మొదటి వైద్యం ఎంబసీ తలుపు తట్టడమే. కష్టాల్లో ఉన్న ఇంటిపనివాళ్ళకు భారత ఎంబసీ నీడ కల్పిస్తుంది.

మందు కావాల్సి వస్తే దాని నడక కూడా తెలిసి ఉండాలి. డిప్రెషన్ మందు మొదటి వారంలో పనిచేయదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తొలిరోజుల్లో వికారం, కంగారు ఉండవచ్చు. మూడో రోజున లాభం లేదని మానేయడం, రెండో నెలలో తగ్గింది కదా అని మానేయడం, రెండూ తరచు జరిగే పొరపాట్లే. కోలుకున్నాక కూడా మామూలుగా ఆరు నెలలైనా వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇది నిద్రమాత్ర కాదు. ఊరి మందుల షాపులో ఆల్ప్రజోలాం కొని, సెలవు ముగించుకుని వెళ్ళేవాళ్ళ చేత పంపడం రెండు రకాలుగా ప్రమాదం. అది డిప్రెషన్‌ను నయం చేయదు, కొన్ని వారాలకే అలవాటు పడుతుంది; పైగా గల్ఫ్ దేశాల్లో అది నియంత్రిత మందు, చీటీ లేకుండా పట్టుబడితే తెచ్చిన మనిషి జైలుపాలు కావచ్చు. కువైట్‌లో ముందు వెళ్ళాల్సింది ఆ ప్రాంతపు ప్రభుత్వ క్లినిక్‌కు; అవసరమైతే అక్కడినుంచి సబా వైద్య ప్రాంతంలోని మానసిక ఆరోగ్య కేంద్రానికి. ప్రాణం మీదికొచ్చే ఆలోచన ఉంటే 112. ఇండియాలో ఉన్న ఇంటివాళ్ళు ఏం చేయాలో తెలియకపోతే 14416కు, అంటే 2022లో మొదలైన టెలీ మానస్‌కు, ఫోను చేసి అడగవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇవన్నీ మొదలయ్యేది ఆ పది నిమిషాల ఫోను దగ్గరే. "బాగుండావా?" అన్నదానికి ఒకటే జవాబు ఉంది, అది ముందే తయారుగా ఉంటుంది. జవాబును బయటికి తెచ్చే ప్రశ్నలు వేరు. "పనుండి నిద్ర లేదా, పడుకున్నా పట్టలేదా?" "మొన్న పాటలు వింటాన్నంటివే, ఇప్పుడూ వింటాండావా?" "బిడ్డ మాట్లాడితే ఎట్లుంది నీకు?" మొదటిదానికి "పని" అన్న జవాబు వస్తే గంటల గురించి పోట్లాడాలి. మూడింటికీ మూడు శుక్రవారాలుగా ఒకే రకం జవాబు, ఒకే గొంతులో, "ఏమీ లేదు" అని వస్తుంటే, అది ఇల్లు గుర్తొచ్చి పడే బెంగ కాదు. ఆ గొంతులో ఇల్లు కూడా లేదు.